మూడు రోజుల్లో ఏ పూట ఎవరి దగ్గర?

బస్సు టికెట్లు అమ్మే యాప్‌లో ఒక తప్పు దొర్లిందనుకుందాం. టికెట్ రద్దు చేసుకున్నవాళ్లకు వాపసు రావాల్సిన డబ్బులో పది రూపాయలు తక్కువ పడుతున్నాయి. హైదరాబాద్‌లోని ఇంజినీరు కూర్చుని ఇరవై లైన్ల కోడ్ మార్చి దాన్ని సరిచేశారు. ఆ ఇరవై లైన్లు నేరుగా యాప్‌లోకి వెళ్లిపోవు. అందరూ పనిచేసే అసలు కోడ్‌ను మెయిన్ బ్రాంచ్ అంటారు. అందులో చేరాలంటే ముందు ఒక విన్నపం పెట్టుకోవాలి. "ఇదిగో నా మార్పు, చూసి కలుపుకోండి" అని చెప్పే ఆ విన్నపమే పుల్ రిక్వెస్ట్. ఆఫీసుల్లో అందరూ పీఆర్ అనే అంటారు. ఇంకో ఇంజినీరు దాన్ని చదివి, అడగాల్సినవి అడిగి, సరే అంటే అప్రూవ్ అయినట్టు. ఆ తర్వాత మెయిన్ బ్రాంచ్‌లో కలపడాన్ని మెర్జ్ చేయడం అంటారు.

మన పీఆర్ సోమవారం సాయంత్రం 4 గంటలకు పెడితే గురువారం సాయంత్రం 4 గంటలకు మెర్జ్ అయింది. మొత్తం 72 గంటలు. నెలాఖరు మీటింగ్‌లో ఈ 72 ఒక్కటే తెర మీద కనిపిస్తుంది. అది చూసి ఎవరో ఒకరు "రివ్యూలు చాలా ఆలస్యమవుతున్నాయి, రివ్యూయర్లు త్వరగా చూడాలి" అంటారు. ఆ మాట నిజమో కాదో 72 అనే అంకె చెప్పదు. దాన్ని మూడు ముక్కలు చేస్తేనే తెలుస్తుంది.

మండలాఫీసులో దరఖాస్తు పెట్టినవాళ్లకు ఈ ముక్కలు కొత్త కాదు. కాగితం ఇచ్చాక మొదట ఎవరో దాన్ని తెరిచి చూడాలి. అక్కడిదాకా ఒక కాలం. తెరిచాక కొర్రీలు వేస్తారు, మనం జవాబు పట్టుకెళ్తాం, మళ్లీ చూస్తారు, చివరికి సంతకం పడుతుంది. అది రెండో కాలం. సంతకమైన కాగితం మన చేతికి వచ్చేదాకా మూడోది. "ఆరు వారాలు పట్టింది" అనే మాటలో ఈ మూడూ కలిసిపోతాయి. సంతకం రెండో వారంలోనే పడి, కాగితం నెల రోజులు బీరువాలో ఉండిపోతే, సంతకం పెట్టే అధికారిని తొందరపెట్టి లాభం లేదు.

పీఆర్‌కూ అంతే. పెట్టినప్పటి నుంచి మొదటి స్పందన దాకా ఒకటి. అక్కడి నుంచి అప్రూవల్ దాకా, అంటే రివ్యూలో గడిచినది రెండోది. అప్రూవల్ నుంచి మెర్జ్ దాకా ఊరికే ఎదురుచూసినది మూడోది.

మన పీఆర్‌ను ఇలా విడదీద్దాం. రివ్యూయర్ ఉండేది అమెరికాలో, సియాటెల్‌లో. వేసవిలో మనకూ వాళ్లకూ పన్నెండున్నర గంటల తేడా. ఇక్కడ సోమవారం సాయంత్రం 4 అయితే అక్కడ తెల్లవారుజామున మూడున్నర. రివ్యూయర్ ఆఫీసుకొచ్చి తొమ్మిదిన్నరకు పీఆర్ తెరిచి రెండు ప్రశ్నలు వేశారు. అప్పటికి మనకు రాత్రి 10. మొదటి ముక్క 6 గంటలు. మన ఇంజినీరు మంగళవారం పొద్దున 10కి ప్రశ్నలు చూసి, మధ్యాహ్నం 12కల్లా కోడ్ సరిచేసి పంపారు. అప్పుడు సియాటెల్‌లో అర్ధరాత్రి కావస్తోంది. రివ్యూయర్ లేచి చూసి అప్రూవ్ చేసేసరికి మనకు మంగళవారం రాత్రి 10. రెండో ముక్క 24 గంటలు.

మంగళవారం రాత్రి 10 నుంచి గురువారం సాయంత్రం 4 దాకా ఇంకా 42 గంటలున్నాయి. మొత్తంలో సగానికి పైగా మార్పు అప్రూవ్ అయ్యాకే గడిచింది. రివ్యూయర్‌ను తొందరపెట్టడం వల్ల ఆ 42 గంటల్లో ఏమీ తగ్గదు.

ఆ 42 గంటల్లో ఏం జరిగిందో చూస్తే రోగం తెలుస్తుంది. చాలా టీముల్లో ఒక నిబంధన ఉంటుంది. మెర్జ్ చేసే ముందు మన బ్రాంచ్‌లో మెయిన్ బ్రాంచ్ తాజా కోడ్ అంతా ఉండాలి, దాని మీద టెస్టులన్నీ పాస్ కావాలి. నిబంధన మంచిదే. విడివిడిగా బాగున్న రెండు మార్పులు కలిస్తే యాప్ చెడిపోవడం అనుభవంలో ఉన్న సంగతే. కానీ టెస్టులకు 40 నిమిషాలు పడుతుంది. బుధవారం పొద్దున 10కి మన ఇంజినీరు `Update branch` నొక్కారు. టెస్టులు నడుస్తుండగానే పదిన్నరకు పక్క టీమ్‌వాళ్లు తమ పీఆర్ మెర్జ్ చేసేశారు. 10:40కి మన టెస్టులు పాసయ్యాయి గానీ బ్రాంచ్ మళ్లీ పాతబడింది. మళ్లీ నొక్కాలి, మళ్లీ 40 నిమిషాలు.

దీనికి చిన్న గుణకారం చాలు. అప్రూవ్ అయిన పీఆర్‌లు ఆరు వరుసలో ఉన్నాయనుకోండి. ఒకటి మెర్జ్ కాగానే మిగతా ఐదూ పాతబడతాయి. అంటే 40 నిమిషాలకు ఒకటి చొప్పున మాత్రమే లోపలికి వెళ్లగలవు. ఆరోది వెళ్లేసరికి నాలుగు గంటలు. అది కూడా అందరూ తెర ముందే కూర్చుని, టెస్టులు పాసైన మరుక్షణం బటన్ నొక్కితే. ఎవరైనా భోజనానికి లేచారంటే వాళ్ల వంతు ఇంకొకరికి పోతుంది. ఇందులో ఎవరి బద్ధకమూ లేదు. టీమ్ పెరిగే కొద్దీ ఈ వరుస దానంతటదే పొడుగవుతుంది.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే విషయం ఇక్కడ వస్తుంది, అందుకే దీన్ని కొంచెం నిదానంగా చెబుతాను. బుధవారం మధ్యాహ్నానికి పక్క టీమ్ మార్పు, మన మార్పు ఒకే ఫైల్లో ఒకే చోట ఢీకొన్నాయి. దీన్ని కాన్‌ఫ్లిక్ట్ అంటారు. మన ఇంజినీరు 12 గంటలకు దాన్ని చేత్తో సరిచేసి కొత్త కమిట్ పంపారు. కొత్త కోడ్ వస్తే పాత అప్రూవల్ రద్దు కావాలనే నిబంధన కూడా ఆ టీమ్‌లో ఉంది. కాబట్టి మంగళవారం రాత్రి వచ్చిన అప్రూవల్ పోయింది. సియాటెల్‌లో తెల్లవారాక, మనకు బుధవారం రాత్రి 10కి, రివ్యూయర్ మళ్లీ అప్రూవ్ చేశారు. గురువారం పొద్దున మన ఇంజినీరు చూసుకున్నారు, మళ్లీ అదే పరుగుపందెం, సాయంత్రం 4కి మెర్జ్.

ఇప్పుడు లెక్క తీసేవాళ్లు మెర్జ్‌కు ముందు వచ్చిన చివరి అప్రూవల్‌ను తీసుకున్నారనుకోండి. చాలా స్క్రిప్టులు అదే చేస్తాయి. అప్పుడు రివ్యూలో గడిచినది సోమవారం రాత్రి 10 నుంచి బుధవారం రాత్రి 10 దాకా 48 గంటలు, అప్రూవల్ తర్వాత నిరీక్షణ 18 గంటలు. మొదటి అప్రూవల్‌ను తీసుకుంటే అవే అంకెలు 24, 42. పీఆర్ అదే, 72 గంటలూ అవే. ఒక లెక్క రివ్యూ మీద వేలు చూపిస్తుంది, రెండోది మెర్జ్ వరుస మీద. మొదటి లెక్కను నమ్మిన మేనేజర్ రివ్యూయర్లను పిలిచి మాట్లాడతారు. అసలు అడ్డంకి మాత్రం అలాగే ఉంటుంది, పైగా తన సమయాన్ని రివ్యూ ఖాతాలో వేసి దాక్కుంటుంది.

గిట్‌హబ్‌లో ఈ దాగుడుమూత ఇంకో మెట్టు లోతుకు వెళ్తుంది. రద్దయిన అప్రూవల్ సమాచారం తొలగిపోదు. కానీ దాని స్థితి `APPROVED` నుంచి `DISMISSED`కు మారుతుంది. `APPROVED` అని ఉన్నవాటిని మాత్రమే ఏరే స్క్రిప్టుకు మంగళవారం నాటి అప్రూవల్ అసలు కనిపించదు. కాబట్టి నేను చెప్పేది ఒకటే. రెండు అప్రూవల్‌లనూ రాసుకోవాలి. మొదటిదానికీ చివరిదానికీ మధ్య చాలా పీఆర్‌లలో పెద్ద ఎడం ఉంటే, అక్కడ అప్రూవల్‌లు రద్దవుతున్నాయా, లేక ఇద్దరి సంతకం కావాలా అన్నది విడిగా చూడాలి. ఇద్దరి అప్రూవల్ తప్పనిసరి అయిన చోట మొదటి అప్రూవల్‌తో రివ్యూ అయిపోయినట్టు కాదు. రెండోది వచ్చినప్పుడే ఆ ముక్క ముగుస్తుంది.

సమాచారం తీయడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. గిట్‌హబ్ కమాండ్ లైన్ పరికరం ఉంటే ఈ ఒక్క ఆజ్ఞతో మెర్జ్ అయిన వంద పీఆర్‌ల వివరాలు వస్తాయి:

```
gh pr list --state merged --limit 100 \
  --json number,author,createdAt,mergedAt,comments,reviews
```

ఇందులో పీఆర్ పెట్టిన సమయం, మెర్జ్ సమయం, ఎవరెప్పుడు ఏం స్పందించారన్నది ఉంటాయి. తీసివేతలు చేసుకుంటే ముక్కలు వచ్చేస్తాయి. కానీ మొదటి ముక్కలో మూడు మోసాలుంటాయి. పీఆర్ పెట్టిన పది సెకన్లకే టెస్టుల వివరం చెప్పే బాట్ ఒక కామెంట్ పెడుతుంది. దాన్ని స్పందనగా లెక్కిస్తే మొదటి ముక్క అన్నిటికీ సున్నా దగ్గర ఉంటుంది, అందరూ సంతోషిస్తారు. రెండోది, పీఆర్ పెట్టినవాళ్లు తమ కోడ్ మీద తామే రాసుకున్న వ్యాఖ్యలు కూడా ఆ జాబితాలో రివ్యూలుగానే కనిపిస్తాయి. వాటినీ తీసేయాలి. మూడోది డ్రాఫ్ట్. పని పూర్తికాకముందే పీఆర్‌ను డ్రాఫ్ట్‌గా పెట్టి వారం తర్వాత "ఇప్పుడు చూడండి" అనే అలవాటు చాలామందికి ఉంది. `createdAt` ఆ వారాన్ని కూడా రివ్యూయర్ల ఖాతాలో వేస్తుంది. డ్రాఫ్ట్ ఎప్పుడు తీసేశారో పీఆర్ చరిత్రలో `ready_for_review` అనే పేరుతో నమోదవుతుంది. లెక్క అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

ముక్కలు చేశాక చాలామంది జారిపడే చోటు ఇంకొకటి ఉంది. వంద పీఆర్‌లకు ఒక్కో ముక్కకు మధ్యస్థం, అంటే వరుసగా పేర్చితే నడిమధ్యన పడే అంకె తీసి, మూడు కడ్డీలు గీసి చూపిస్తారు. మూడు పీఆర్‌లతో ఇది ఎలా మోసం చేస్తుందో చూడండి. మొదటిదానికి స్పందనకు 1 గంట, రివ్యూకు 2, మెర్జ్ నిరీక్షణకు 30. రెండోదానికి 1, 30, 2. మూడోదానికి 30, 1, 2. మూడూ 33 గంటలే పట్టాయి. స్పందన ముక్కల్లో మధ్యస్థం 1. రివ్యూలో 2. నిరీక్షణలో 2. కలిపితే 5. ప్రతి పీఆర్ 33 గంటలు కూర్చుంటే కడ్డీలు 5 గంటలే చూపిస్తున్నాయి, మిగతా 28 ఏమయ్యాయి? ఎక్కడికీ పోలేదు. ఒక్కో పీఆర్ ఒక్కో చోట ఆగింది కాబట్టి ఏ ముక్కలోనూ అది మామూలు సంగతిగా కనిపించలేదు.

సగటు తీస్తే ముక్కలు మొత్తానికి సరిపోతాయి. నిజమే. కానీ ఎవరో సెలవులో ఉండగా నెల రోజులు పడి ఉన్న ఒక్క పీఆర్ వంద పీఆర్‌ల సగటును లాగేస్తుంది. నాకు పనికొచ్చిన దారి వేరు. ఆలస్యమైన పాతిక శాతం పీఆర్‌లను పక్కకు తీసి, ఒక్కోదానికీ ఏ ముక్క పెద్దదో రాసుకోవాలి. పాతికలో పదహారు మూడో ముక్కలో ఆగాయంటే ఎక్కడ చూడాలో తెలిసిపోయింది. తర్వాత ఆ పదహారింటినీ తెరిచి చదవాలి. ఒక మధ్యాహ్నం పడుతుంది. ఆ చదువు లేకుండా ఏ అంకె కూడా కారణం చెప్పదు.

మెర్జ్ అయినవాటినే లెక్కిస్తే ఇంకా పడి ఉన్నవి బయటే ఉండిపోతాయనేది కూడా గుర్తుంచుకోవాలి. మూడు నెలలుగా ఎవరూ తెరవని పీఆర్ ఏ మధ్యస్థంలోనూ ఉండదు. పైగా టీమ్ ఒక రోజు కూర్చుని పాతవన్నీ మెర్జ్ చేస్తే ఆ నెల అంకెలు ఘోరంగా కనిపిస్తాయి, నిజానికి అది మంచి పనే. అందుకే తెరిచి ఉన్నవాటిని కూడా ఇప్పుడు ఏ దశలో ఉన్నాయో చూసుకోవాలి:

```
gh pr list --search "review:none sort:created-asc"
gh pr list --search "review:approved sort:created-asc"
```

మొదటిది ఇంకా ఎవరూ రివ్యూ చేయనివాటిని, రెండోది అప్రూవ్ అయ్యి కూడా లోపలికి వెళ్లనివాటిని, పాతవి ముందుండేలా చూపిస్తుంది.

మొదటి ముక్కను కొన్ని సంస్థలు ఎంత పట్టుదలగా చూస్తాయో చెప్పడానికి గూగుల్ ఉదాహరణ ఉంది. ఆ సంస్థ బయటపెట్టిన రివ్యూ మార్గదర్శకాల్లో స్పందనకు గరిష్ఠ గడువు ఒక పనిదినం. రివ్యూ మొత్తం త్వరగా ముగియడం కన్నా ఒక్కో స్పందన త్వరగా రావడమే ముఖ్యమని కూడా అందులో ఉంది. అక్కడి పద్ధతి మీద 2018లో వెలువడిన పరిశోధనా పత్రం ప్రకారం చిన్న మార్పులకు మొదటి స్పందన మధ్యస్థం గంటలోపే, చాలా పెద్ద మార్పులకు దాదాపు 5 గంటలు. మార్పుల్లో మారిన లైన్ల మధ్యస్థం 24. ఈ చివరి అంకె లేకుండా ముందువాటిని పట్టుకుని వేరే టీమ్ తనను పోల్చుకుంటే అన్యాయమవుతుంది. వెయ్యి లైన్ల పీఆర్ పెట్టి గంటలో జవాబు అడగలేం.

నిరీక్షణ ఎప్పుడూ దోషమే అనుకోకూడదు. కుబెర్నెటీస్ అనే పెద్ద బహిరంగ ప్రాజెక్టులో రెండు రకాల ఒప్పుకోలు కావాలి. కోడ్ బాగుందని చెప్పడానికి `/lgtm`, ఆ భాగానికి బాధ్యులు అనుమతి ఇవ్వడానికి `/approve`. రెండూ పడి టెస్టులు పాసైతే టైడ్ అనే ప్రోగ్రామే మెర్జ్ చేస్తుంది, మనిషి బటన్ నొక్కక్కర్లేదు. అక్కడ అప్రూవల్ అంటే ఆ రెండింటిలో చివర వచ్చినది. కానీ ఎవరైనా `/hold` అని రాస్తే అది తీసేదాకా మెర్జ్ ఆగుతుంది. కొత్త వెర్షన్ విడుదలకు ముందు కోడ్ ఫ్రీజ్ ఉంటుంది, ఆ విడుదలకు కేటాయించిన పీఆర్‌లు తప్ప మిగతావి ఆగిపోతాయి. ఆ రోజుల్లో మూడో ముక్క పెరగడం ఆలోచించి తీసుకున్న నిర్ణయం. మన లెక్కలో కూడా కావాలని ఆపినవాటిని విడిగా గుర్తుపెట్టకపోతే విడుదల నెల ప్రతిసారీ జబ్బులా కనిపిస్తుంది.

రెండో ముక్క గురించి ఒక్క మాట. అది పూర్తిగా రివ్యూయర్ సమయం కాదు. మన పీఆర్‌లో ఆ 24 గంటల్లో 14 గంటలు బంతి మన ఇంజినీరు దగ్గరే ఉంది, 10 గంటలు రివ్యూయర్ దగ్గర. ఇద్దరూ పనిచేసింది కలిపితే మూడు గంటలు కూడా కాదు, మిగతాదంతా ఒకరు నిద్రలో ఉంటే ఇంకొకరు మేలుకుని ఉండటం. అంటే ఇక్కడ లెక్కకు వచ్చేది కొర్రీలు ఎన్ని విడతలన్నది. హైదరాబాద్‌కూ సియాటెల్‌కూ మధ్య ఒక్కో విడతకు ఒక్కో రోజు పోతుంది. రెండు ప్రశ్నలను రెండు రోజులు అడిగినదానికీ ఒకేసారి అడిగినదానికీ తేడా 24 గంటలు.

ఇక మూడో ముక్కకు మందు. అప్రూవ్ కాగానే దానంతటదే మెర్జ్ అయ్యేలా గిట్‌హబ్‌లో ఆటో మెర్జ్ ఉంది. కానీ బ్రాంచ్ పాతబడితే దాన్ని తాజా చేసే పని ఆటో మెర్జ్ చేయదు. కాబట్టి మన టీమ్‌లాంటి చోట అది ఒంటరిగా చాలదు. 2023లో పూర్తిస్థాయిలో విడుదలైన మెర్జ్ క్యూ ఈ పందెం కోసమే తయారైంది. అప్రూవ్ అయినవి వరుసలో చేరతాయి. ఒక్కోదానికీ మెయిన్ బ్రాంచ్ తాజా కోడ్, వరుసలో తనకంటే ముందున్నవి, తన మార్పు కలిపి ఒక తాత్కాలిక బ్రాంచ్ తయారవుతుంది. టెస్టులు దాని మీద నడుస్తాయి. ముందున్నది పాసవుతుందనే ఊహతో వెనకున్నవాటి టెస్టులు కూడా పక్కపక్కనే నడుస్తాయి కాబట్టి ఆరోది నాలుగు గంటలు ఆగక్కర్లేదు. ఒకటి ఫెయిలైతే దాన్ని తీసేసి వెనకవాటిని మళ్లీ కూర్చుకోవాలి. అందుకే అప్పుడప్పుడూ కారణం లేకుండా ఫెయిలయ్యే టెస్టులున్న టీమ్‌కు క్యూ వల్ల కొత్త తలనొప్పి రావచ్చు. ఇంకో చిన్న ముల్లు ఉంది. గిట్‌హబ్ యాక్షన్స్‌లో టెస్టులు నడిపేవాళ్లు వాటి ఫైల్లో ఈ మాట చేర్చాలి:

```yaml
on:
  pull_request:
  merge_group:
```

`merge_group` లేకపోతే క్యూలోని తాత్కాలిక బ్రాంచ్ మీద టెస్టులు మొదలే కావు. తప్పనిసరి టెస్టుల ఫలితం కోసం క్యూ ఎదురుచూస్తూ ఉంటుంది, ఏదీ మెర్జ్ కాదు.

ఇదంతా సరిగ్గా అమరిన టీమ్‌లో మన వాపసు పీఆర్‌ను మళ్లీ నడిపించి చూద్దాం. సోమవారం సాయంత్రం 4కి పెట్టారు. రాత్రి 10కి స్పందన. మంగళవారం రాత్రి 10కి అప్రూవల్, అప్రూవ్ కాగానే క్యూలో చేరేలా మన ఇంజినీరు ముందే ఆటో మెర్జ్ నొక్కి ఉంచారు. ముందు ఎవరూ లేరు, టెస్టులకు 40 నిమిషాలు, 10:40కి మెర్జ్. బుధవారం పొద్దున పక్క టీమ్ మార్పు వచ్చేసరికి మనది అప్పటికే లోపల ఉంది, కాన్‌ఫ్లిక్ట్ వచ్చినా ఇంకా మెర్జ్ కాని వాళ్ల పీఆర్‌లోనే వస్తుంది. మొత్తం 30 గంటల 40 నిమిషాలు. ఇప్పుడు పెద్ద ముక్క రెండోది, 24 గంటలు. అందులో 12 గంటలు రివ్యూయర్ ప్రశ్నలు రాసిన రాత్రి 10 నుంచి మన ఇంజినీరు వాటిని చూసిన పొద్దున 10 దాకా గడిచినవి. ఈ పీఆర్‌ను మొదట హైదరాబాద్‌లోనే ఇంకొకరికి పంపి ఉంటే ఆ రెండు ప్రశ్నలూ సోమవారం సాయంత్రమే వచ్చేవేమో. ఆ ఇరవై లైన్ల కోడ్ తెలిసిన రెండోవాళ్లు హైదరాబాద్‌లో ఉన్నారా అన్నది టీమ్ తర్వాత తేల్చుకోవాల్సిన సంగతి.